మూడు తెల్ల వెంట్రుకల నింద

రాజోలులో వీరవేణి పేరెత్తితే చాలు, "ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు" అంటారు. పచ్చి అబద్ధం. ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో, ఎవరు పెంచి పోషించారో దగ్గరుండి చూసినదాన్ని నేను. ఆమె బ్యూటీ పార్లరుకీ నా టైలరింగ్ షాపుకీ మధ్య అడ్డం ఒక ప్లైవుడ్ చెక్క మాత్రమే. అటు తుమ్మితే ఇటు వినబడుతుంది. పద్నాలుగేళ్ళు పక్కపక్కన బతికాం. కాబట్టి నాకు తెలియదని ఎవరూ అనడానికి లేదు.

ఆమెకి నలభై ఆరేళ్ళు. మలికిపురం అవతల పల్లెటూరు పుట్టిల్లు. భర్త మోహన్ కువైట్‌లో డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో కూర్చుని పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కుట్టి ఇచ్చేది. మల్లెమొగ్గలు, కనకాంబరాలు వరసలు తప్పకుండా అట్టముక్క మీద సూదితో కుట్టడం ఒక్కటే అప్పట్లో ఆమె పని. తరవాత అమలాపురంలో ఆరు నెలలు పార్లరు పని నేర్చుకుని ఇక్కడ షాపు తెరిచింది. చెయ్యి మంచిది. నోరు మాత్రం కాస్త దురుసు. "ఈ నూనె రాస్తే వారంలో నల్లబడతాయంట కదా" అని ఎవరైనా అన్నారో, "రాసుకుని వారం తరవాత రండి, చూసి దణ్ణం పెడతాను" అనేది. అందుకే ఆమెంటే పడని వాళ్ళు మొదటినుంచీ కొందరు ఉన్నారు.

ఆ దురుసు మనిషికి ఒక నియమం ఉండేది. తన కుర్చీలో కూర్చున్న తల సంగతి గుమ్మం దాటనివ్వదు. ఎవరికి బట్టతల మొదలైందో, ఎవరి జడలో సవరం ఎంతో, ఎవరు రంగు వేయించుకుంటున్నారో, నేను ఎంత గుచ్చి అడిగినా చెప్పేది కాదు. "విజయా, నీ జాకెట్ల కొలతలు నేనడిగానా?" అని నోరు మూయించేది. ఆ నమ్మకం మీదే ఆమె షాపు నడిచేది. మొహానికి ఫేషియల్ ఎవరైనా చేస్తారు. తల అప్పజెప్పాలంటే నమ్మకం కావాలి.

అలా అప్పజెప్పిన వాళ్ళలో భవానీదేవి ఒకరు. కొబ్బరితోటల ఆసామి భార్య, యాభైకి దగ్గర పడ్డ మనిషి, వీధిలో నడిస్తే పది మంది పలకరించే ఇల్లు. ఆవిడ జడ చూసి మేమంతా కుళ్ళుకునేవాళ్ళం. ఒక్క తెల్ల వెంట్రుక కనబడేది కాదు. నెలకోసారి మంగళవారం మధ్యాహ్నం వెనక గుమ్మంలోంచి వచ్చేది. మంగళవారం తల ముట్టుకోకూడదని మావైపు ఆడవాళ్ళు పార్లరు ఛాయలకి రారు, అందుకని ఆ రోజు. కర్టెన్ వేసేసేవారు. చెక్క సందుల్లోంచి ముందు గోరింటాకు వాసన, గంటన్నర పోయాక దానిమీద నలుపు తెచ్చే నీలి ఆకు పొడి వాసన వచ్చేవి. ఇరవై మూడో ఏటే ఆవిడకి తల నెరవడం మొదలైందని, ప్యాకెట్ రంగు వేసుకుంటే ఒకసారి నుదురంతా పొక్కులొచ్చి కళ్ళు మూసుకుపోయాయని, అప్పటినుంచీ ఆకుపొడులు తప్ప పడవని నాకు తెలిసింది అంతా అయిపోయాకే. అప్పటిదాకా ఆ వాసనలు ఎవరి తలవో అడిగితే వీరవేణి మాట మార్చేసేది.

భవానీదేవి కూతురు సత్యదుర్గ. ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయింది. తాటిపాకలో గ్యాసు ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్న దుర్గాశ్రీనివాస్‌తో పెళ్ళిచూపులు కుదిరాయి. ఆ పొద్దున తల్లీ కూతుళ్ళు పార్లరుకి వచ్చారు, నేనూ అక్కడే ఉన్నాను. పాపిడి పక్కన మూడు తెల్ల వెంట్రుకలు తళతళలాడుతున్నాయి.

"పీకెయ్ వీరవేణీ, త్వరగా" అంది భవానీదేవి.

"నేను పీకనండి. కుదుళ్ళు దెబ్బతింటాయి, పుండు పడుతుంది. మొదట్లోకి కత్తిరిస్తాను" అని చిన్న కత్తెర తీసి ఆ మూడింటినీ చర్మం దాకా కత్తిరించింది. తరవాత జడ విప్పి పాయలు తీసి చూసింది. అడుగున ఇంకా ఉన్నాయి. ఆ పిల్ల కుర్చీ దిగి చెప్పు తొడుక్కోబోతే కాలికి చెప్పు దొరకడం లేదు, చూసుకుంటే గాని తెలియడం లేదు. నీళ్ళు తాగబోయి మండినట్టు నోరు ముడుచుకుంది. వీరవేణి నాలుక చాపమంది. ఎర్రగా, నున్నగా ఉంది.

"అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అమ్మా?"

"ఆయ్, పిన్నీ. సూదులు గుచ్చినట్టు ఉంటున్నాయి."

"తిండేం తింటున్నావు?"

సంగతి బయటపడింది. మంచి సంబంధం కుదరాలని మూడేళ్ళ కిందట మొక్కుకుని ఆ పిల్ల చేత చేప, మాంసం, గుడ్డు మాన్పించింది తల్లి. మొహం మీద మొటిమలొస్తున్నాయని పాలు, పెరుగు తనే మానేసింది. కడుపులో మంట అని మందుల షాపులో ఎవరో ఇచ్చిన గ్యాసు బిళ్ళ రెండేళ్ళుగా రోజూ పరగడుపున మింగుతోంది. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఈ గోదారి గట్టున, నిక్షేపంలాంటి పిల్లని అలా మాడ్చేరు.

"భవానీదేవి గారండీ, ఏమీ అనుకోకండి. పిల్లకి రక్తపరీక్ష చేయించండి. బి-ట్వెల్వ్, థైరాయిడ్ చూడమనండి. నా దగ్గరికొచ్చిన ఒకావిడకి ఇలాగే ఉంటే అమలాపురంలో డాక్టరు గారు అవే రాసేరు" అంది వీరవేణి.

భవానీదేవి మొహం మాడిపోయింది. "పెళ్ళిచూపుల పూట నా కూతుర్ని రోగిష్టిదాన్ని చేస్తావేంటే? నీ పని దువ్వడం. అది చెయ్" అని పిల్ల రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ తరవాత ఆవిడ మంగళవారాలు రావడం మానేసింది. రాజోలులో మరో పార్లరుకి వెళ్దామంటే గుట్టు ఇంకొకరి చేతిలో పెట్టాలి. ప్యాకెట్ రంగు పడదు. ఆకుపొడులు ఇంట్లో కలుపుకుందామంటే కూతురికీ పనిమనిషికీ తెలిసిపోతుంది.

చూపులు అయ్యాయి, పిల్ల నచ్చింది. నెల తిరిగాక తాంబూలాలప్పుడు పెళ్ళికొడుకు మేనత్త కనకమ్మ పిల్ల జడలో పూలు పెడుతూ పాయ పైకెత్తింది. లోపల తెల్లగా ఉంది. "ఏమ్మా, ఈ వయసుకే ఏంటిది? మీ ఇళ్ళల్లో ఉందా?" అని అందరి ముందూ అడిగింది.

అప్పుడు భవానీదేవి నోటికొచ్చిన మాట ఇది: "మా ఇంటావంటా లేదండీ. ఎక్కడో మూడుంటే ఆ పార్లరు వీరవేణి పీకేసింది. ఏదో రంగు కూడా పూసింది. అప్పటినుంచీ ఇలా పుట్టుకొస్తున్నాయి."

ఎంత చక్కటి అబద్ధమో చూడండి! వంశంలో లేదు, పిల్లలో లోపం లేదు, తప్పంతా పార్లరుదాని చేతిది. వారం తిరక్కుండా రాజోలంతా పాకిపోయింది. ఒకటి పీకితే నాలుగొస్తాయని, రంగు తగిలితే నల్లవి కూడా తెల్లబడతాయని చిన్నప్పటినుంచీ విన్నవాళ్ళే అందరూ. సాక్ష్యం దొరికినట్టయింది. ముందుగా మాట్లాడుకున్న రెండు పూలజడలు వద్దన్నారు. ఒకావిడ షాపు ముందు నిలబడి, "మా అమ్మాయికీ నువ్వే కదా జుట్టు కత్తిరించేవు, దానికి తెల్లబడితే నిన్నేం చెయ్యాలి?" అని అరిచి వెళ్ళింది. నెత్తిన ఎర్రటి గోరింటాకు రంగు వేసుకున్న మనిషి అడిగే ప్రశ్నేనా అది!

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్కా, నువ్వు పీకలేదు కదా, కత్తిరించేవు. ఆ ఒక్క ముక్క చెప్పు, చాలు" అన్నాను.

"చెప్పను."

"ఏం?"

"పీకలేదని చెప్తే, పీకితే వస్తాయని ఒప్పుకున్నట్టే విజయా. రేపు ఇంకో పార్లరమ్మాయి పీకిందనుకో, దాని పీక పట్టుకుంటారు. పీకినా రావు. అది చెప్తాను."

ఈ పంతం చూసి నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. షాపు ఖాళీగా పడి ఉంటే సిద్ధాంతాలేంటి? అదే మాట మొహం మీద అన్నాను. నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఐదో రోజు కనకమ్మ ఆటో దిగింది. భవానీదేవి, సత్యదుర్గ వెంట ఉన్నారు. పెళ్ళి ముహూర్తం పెట్టుకునే ముందు పార్లరుదాని నోటితో వినాలని కనకమ్మ పట్టుబట్టిందట. నేను కత్తెర కింద పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"చూడమ్మా, నేను దేనికీ దాపరికం లేని మనిషిని. ఈ పిల్ల తలలో వెంట్రుకలు నువ్వు పీకేవా, లేదా?" అంది కనకమ్మ.

భవానీదేవి వీరవేణి కళ్ళలోకి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. అవునను, నీకేం పోయింది అని ఆజ్ఞాపిస్తున్నట్టుంది. ఒప్పుకుంటే పెళ్ళి జరుగుతుంది, వీరవేణి షాపు మూతపడుతుంది. "అడగాల్సింది నన్ను కాదండీ, ఈవిడ పాపిడి చూడండి" అంటే క్షణంలో వీరవేణి బయటపడుతుంది. రెండు నెలలుగా ఆకుపొడి పడని ఆ పాపిడిలో, ఎంత నూనె రాసి ఎంత బిగించి దువ్వినా, ముప్పావు అంగుళం పైన తెల్ల గీత కనబడుతోంది. నాకే కనబడింది. ఇరవై ఏళ్ళుగా తలలు చూస్తున్న మనిషికి కనబడదా?

వీరవేణి భవానీదేవి వంక చూడనే లేదు.

"కత్తిరించేనండి. పీకినా పెరగవు. ఒక్కో వెంట్రుకకి ఒక్కో కుదురు. దానికి రంగు పోసేది ఆ కుదుట్లోనే. అక్కడ రంగు ఆగిపోతే తెల్లగా వస్తుంది. పీకితే అదే కుదుట్లోంచి మళ్ళీ అదొక్కటే వస్తుంది, పక్కదానికి చెప్పి రాదు. పదే పదే పీకితే అసలు మొలవడమే మానెయ్యొచ్చు, అంతే."

"మరి రంగు?"

"ఈ పిల్లకి నేను వెయ్యలేదు. వేసినా అంతేనండి. రంగు అంటుకునేది బయటికొచ్చేసిన వెంట్రుకకి. లోపల కుదురికి దాని సంగతే తెలీదు. పడకపోతే దురద, పొక్కులు వస్తాయి. జుట్టు గరుకవుతుంది. నెరుపు ఎలాగూ పెరుగుతున్నప్పుడే కదండీ అందరూ రంగు మొదలెట్టేది? పెరిగాక నెపం రంగు మీదికి పోతుంది."

"మాటలు బాగానే నేర్చేవు" అంది భవానీదేవి.

వీరవేణి సత్యదుర్గని కుర్చీలో కూర్చోబెట్టి, జడ విప్పి, కనకమ్మని దగ్గరికి రమ్మంది. "ఇవిగోండి, నేను కత్తిరించిన మూడూ. రెండు నెలల్లో అంగుళం పెరిగేయి, నిక్కబొడుచుకుని ఉన్నాయి. జుట్టు నెలకి ఇంచుమించు అరంగుళం పెరుగుతుంది. ఇప్పుడు లోపలివి చూడండి." ఒక వెంట్రుక వేలికి చుట్టి సాగదీసింది. కొస నల్లగా ఉంది, మొదటినుంచి బెత్తెడు పైన, నాలుగంగుళాల దాకా తెల్లగా ఉంది. "ఇంత తెలుపు పెరగాలంటే ఎనిమిది నెలలు పట్టదా? ఎనిమిది నెలల కిందట ఈ పిల్ల నా గుమ్మం తొక్కలేదండి."

కనకమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. లెక్క కుదిరింది. కుదరడమే వచ్చిన చిక్కు. "అయితే పార్లరు వల్ల కాదు. మరి దేనివల్ల? జబ్బా? వంశమా?" అని ఈసారి భవానీదేవి వైపు తిరిగింది.

"డాక్టరుకి చూపించండి" అంది వీరవేణి. "చిన్న వయసులో నెరిస్తే చాలామందికి వంశంలో ఉండే వస్తుంది. కొందరికి ఒంట్లో ఏదో తక్కువై వస్తుంది. సిగరెట్లు తాగేవాళ్ళకీ తొందరగా వస్తుందంటారు. ఈ పిల్లకి ఏదో డాక్టరే చెప్పాలి. అరికాళ్ళ తిమ్మిర్లు మాత్రం అశ్రద్ధ చెయ్యకండి."

"మళ్ళీ రోగమంటోంది చూడండి!" భవానీదేవి గొంతు చించుకుంది. "మా ఇంట్లో ఎవరికీ లేదు. నా తల్లికి లేదు, నాకు లేదు. ఇది కడుపుమంటతో..."

"అమ్మా." సత్యదుర్గ కుర్చీలోంచే తల తిప్పింది. "నీకు లేదా? నీ తలే చూడమ్మా అద్దంలో. నువ్వు స్నానం చేసొచ్చినప్పుడు నేను చూడలేదనుకుంటున్నావా? ఈ రెండు నెలల్నుంచీ చూస్తున్నాను. నీకుంది, నాకొచ్చింది. దానికేంటి? నా కాళ్ళు తిమ్మిరెక్కి మెట్లు దిగలేకపోతున్నానే. హాస్పిటల్‌కి తీసుకెళ్ళమంటే పెళ్ళయ్యాక అన్నావు. దెబ్బలాటకి మాత్రం తీసుకొచ్చేవు."

కనకమ్మ చూపు మెల్లగా భవానీదేవి పాపిడి మీదికి వెళ్ళింది. భవానీదేవి చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళి కప్పుకుంది. ఆవిడ కూతురి జోలికి పోకుండా వీరవేణి వైపు తిరిగి, "నీ షాపులో జరిగింది ఇది. గుర్తుంచుకో" అని ఆటో ఎక్కింది.

మర్నాడే కనకమ్మ దగ్గరుండి పిల్లని అమలాపురం తీసుకెళ్ళింది. బి-ట్వెల్వ్ బాగా అడుగంటింది, రక్తం తక్కువ. థైరాయిడ్ బాగానే ఉంది. మొక్కులూ మొటిమలూ అని అన్నీ మానేసి, పైన రెండేళ్ళు ఊరికే గ్యాసు బిళ్ళ మింగితే ఉన్న కాస్త కూడా ఒంటికి పట్టదని, ఇంకొన్నాళ్ళు చూడకపోతే నరాలు దెబ్బతినేవని డాక్టరు గారు కేకలేశారు. ఇంజెక్షన్లు రాశారు. తిమ్మిర్లు తగ్గుతాయన్నారు. జుట్టు సంగతి మాత్రం చెప్పలేనన్నారు. లోపం వల్ల తెల్లబడినవి కొన్ని మళ్ళీ నల్లగా రావచ్చు, తల్లి వైపునుంచి వచ్చినవి రావు, ఏది ఏదో ఎవరూ విడదీసి చెప్పలేరన్నారు. పెళ్ళికొడుకు, "తాటిపాకలో మా షిఫ్టులో సగం మందికి తెల్ల వెంట్రుకలే అత్తా, దీనికింత రాద్ధాంతమా" అన్నాడట. పెళ్ళి జరిగిపోయింది. మాకు శుభలేఖ రాలేదు. పూలజడ అమలాపురంనుంచి తెప్పించారు.

ఇక్కడితో నింద పోవాలి కదా? పోయింది, పీకిందన్న నింద. దాని స్థానంలో అంతకన్నా ఘోరమైనది వచ్చి కూర్చుంది. భవానీదేవి తలరంగు గుట్టు వీరవేణే బయటపెట్టిందని! కన్నతల్లి పరువు తీసిన కోడలు అని చెప్పుకోవడం కనకమ్మకి ఇష్టం లేదు. కన్నకూతురే పరువు తీసిందని చెప్పుకోవడం భవానీదేవికి ఇష్టం లేదు. రెండు ఇళ్ళూ నోరు విప్పి మాట్లాడుకోకుండానే ఒక్క మాట మీదికి వచ్చాయి: పార్లరులో తెలిసింది. పార్లరులో అంటే పార్లరావిడ చెప్పిందనే కదా ఊరికి అర్థం. "దాని కుర్చీలో కూర్చుంటే మన బతుకు బజారే" అన్నారు. అప్పటిదాకా ఇంకా వస్తున్న నలుగురైదుగురూ, తలకి రంగు వేయించుకునే వాళ్ళు, రావడం మానేశారు.

నేను విన్నానండీ, నేనక్కడే ఉన్నాను, ఆ పిల్లే చెప్పింది అని జాకెట్టు కొలతలిచ్చే ప్రతి మనిషికీ చెప్పాను. "పక్కపక్క షాపులు కదా, అలాగే అంటావులే" అన్నారు. సత్యదుర్గ ఫోన్ చేసి ఏడ్చింది. నేను చెప్తే నమ్మడం లేదు పిన్నీ, అమ్మ చెప్తేనే నమ్ముతారు అంది.

నిజమే. ఆ ఒక్కరే చెప్పాలి. వీరవేణి చెప్పలేదు అని, ఏ పెళ్ళిలోనో, ఏ పేరంటంలోనో ఒక్కసారి అంటే చాలు.

పెళ్ళయిన రెండు నెలలకి ఒక మంగళవారం మధ్యాహ్నం భవానీదేవి వచ్చింది. నేను చెవి చెక్కకి ఆనించాను. సిగ్గుపడను, ఆనించాను.

"పొడులు కలుపు" అంది.

"కలపనండి."

"వీరవేణీ, నువ్వు చెప్పలేదని నాకు తెలుసు."

"మీకు తెలిస్తే నా కుర్చీలోకి ఎవరొస్తారండీ? ఊరికి తెలియాలి. ఆ మాట బయట పది మందిలో చెప్పి రండి. మీ తల నేను బతికినన్నాళ్ళూ ఊరికే చేస్తాను."

కుర్చీ చప్పుడయింది. ఆవిడ వెళ్ళిపోయింది.

అది జరిగి ఏడాదిన్నర అయింది. వీరవేణి ఒక కుర్చీ అమ్మేసింది. ఇప్పుడు ఎక్కువగా నాకు హుక్కులు, కాజాలు కుట్టి పెడుతోంది. భవానీదేవి వీధిలో నడిచి వెళ్తూనే ఉంటుంది, పది మంది పలకరిస్తూనే ఉంటారు. పొక్కులకి భయపడి ప్యాకెట్ రంగు వేసుకోలేదు, ఆకుపొడులు పాళ్ళు కుదిరేలా కలపడం ఊళ్ళో వీరవేణికి తప్ప రాదు. నెలకి అరంగుళం చొప్పున తెలుపు చెవులు దాటింది, మెడ దాటింది. ఇరవై ఏళ్ళకి పైగా ప్రాణంలా దాచుకున్న ఆ తెల్లజుట్టుని ఊరందరికీ చూపిస్తూ తిరగడానికి సిద్ధపడింది గాని, ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటిదాకా అనలేదు.